సోములమ్మకి కాదని చెప్పేవాళ్ళే లేరు

సోములమ్మ ఫోను మోగిందంటే అవతలివాళ్ళకి ఏదో పనిబడిందన్నమాట. విశాఖపట్నం నుంచి ఎవరో పిల్లాపాపలతో అరకు వస్తున్నారు, గది చూడాలి. పక్క లోయలో ఒకాయన తోటలో కాఫీ పళ్ళు మాగిపోతున్నాయి, కోసేవాళ్ళు దొరకడం లేదు, నలుగురు ఆడవాళ్ళని పంపాలి. ఫలానా ఊళ్ళో ఫలానా వాళ్ళ గుంటకి పురిటి నెప్పులొస్తున్నాయి, అంబులెన్సు ఘాట్ రోడ్డు మీదే ఆగిపోయింది, బేగి ఒక జీపు చూడాలి. పొయ్యి మీద గంజి పొంగిపోతుంటే సోములమ్మ ఒక చేత్తో మూత తీసి రెండో చేత్తో ఫోను పట్టుకుని, "ఆఁ, సూత్తాను. సూత్తానన్నాను కదా, ఫోనెట్టీ" అంటుంది. పెట్టగానే మళ్ళీ మోగుతుంది.

నిజానికి ఆమె దగ్గర ఏముందని? జీపు లేదు, గది లేదు, కాఫీ తోట అన్నది మొగుడి పేరు మీదున్న కొండవాలు ముక్క. బ్యాంకు పాసు పుస్తకం పథకాల డబ్బు పడ్డప్పుడు తప్ప బయటికి రాదు. ఉన్నదల్లా మనుషులు. గిరిజన బాలికల హాస్టల్లో వంటమనిషిగా ఆమె సగం జీవితం గడిచింది. ఏ కొండ మీది ఏ ఊరి పిల్ల అయినా ఆమె చేతి పప్పుచారు తాగకుండా పదో తరగతి దాటలేదు. చలికాలం పొద్దున్న పొయ్యి దగ్గర చోటిచ్చేది. అన్నం అడుగున పట్టిన మాడు గీకి, ఉప్పు కారం కలిపి ముద్దలు చేసి, ఇంటి మీద బెంగతో ఏడ్చే చిన్నపిల్లల చేతిలో పెట్టేది. ఆ పిల్లలే ఇప్పుడు జీపు డ్రైవర్ల పెళ్ళాలు, సర్పంచుల కోడళ్ళు, ఆశా వర్కర్లు, హోటళ్ళలో పనిచేసేవాళ్ళు. ఈ లోయలో సోములమ్మకి తెలియని గుమ్మం లేదు. అందరికీ ఆమె వంటమ్మే.

ఆ వంట పని కాస్తా కాంట్రాక్టు మారి పోయింది. వచ్చిన కొత్తాయన తన మనుషుల్ని తెచ్చుకున్నాడు. సోములమ్మ ఇంటికొచ్చి కూర్చుంది. కూర్చోవడం అని మాటవరసకి అనాలి గానీ, హాస్టల్లో ఉన్నప్పుడు రెండు చేతులా చేసే పని ఇప్పుడు నోటితో చేస్తోంది, అంతే తేడా. అప్పుడు జీతం వచ్చేది, ఇప్పుడు రాదు.

"ఊళ్ళో అందరి పన్లూ నీవే. మరి నీ ఫోనుకి రీచార్జి ఎవులేస్తారే?" అని మొగుడు బుధు రోజుకొకసారైనా అడిగేవాడు. బుధు మిరియాల తీగలకి పాదులు కట్టుకుంటూ తన మానాన తను బతికే మనిషి. అతనికి కోపం రాదు. ఎత్తిపొడుపు మాత్రం నాలుక చివరే ఉంటుంది.

"నువ్వే ఏస్తావు. ఇంకెవులున్నారు నాకు?" అనేది సోములమ్మ. కానీ ఆ మాట ఆమెకి గుచ్చుకునేది. గది చూపించినందుకు హోటలువాడు టీ ఇచ్చేవాడు. జీపు మాట్లాడినందుకు డ్రైవరు నమస్కారం పెట్టేవాడు. కూలీల్ని పంపినందుకు తోట ఆసామి ఒక పనసపండు పంపేవాడు, అదీ సగం కుళ్ళింది. ఎంతని తింటుంది పనసపండు?

లక్ష్మీప్రసాద్ అనే ఆయన విశాఖపట్నంలో చిన్న ట్రావెల్స్ ఆఫీసు నడుపుతాడు. ఒకసారి ఆయన తీసుకొచ్చిన టూరిస్టుల బస్సు చెడిపోతే, ఎవరో సోములమ్మ నంబరు ఇచ్చారు. ఆమె గంట తిరక్కుండా జీపులు పంపింది, భోజనాలు చూసింది, ఒక ముసలావిడకి మోకాలు నొప్పి అంటే మంచం కూడా వేయించింది. ఆయన అది మరిచిపోలేదు. మళ్ళీ వచ్చినప్పుడు పనిగట్టుకుని ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, ఇచ్చిన కాఫీ తాగి అసలు సంగతి చెప్పాడు.

"సోములమ్మ గారూ, మీరు ఊరికే చేసే ఈ పనికి బయట డబ్బులిస్తారు. ఇకనుంచి నా గ్రూపులన్నీ మీరే చూడండి. స్టేషన్లో దిగింది మొదలు మళ్ళీ ఎక్కేదాకా. గ్రూపుకింత అని మీకు నేనిస్తాను."

"నా కాడ పెట్టుబడేటీ లేదు బాబూ."

"పెట్టుబడి అక్కర్లేదు. ఎవరి డబ్బూ మీ చేతిలో పెట్టుకోకండి కూడా. జీపు డబ్బు జీపువాడికి, భోజనం డబ్బు వండినవాళ్ళకి, థింసా డాన్సు ఆడేవాళ్ళది వాళ్ళకి. నేనే నేరుగా ఇచ్చేస్తాను. వస్తామన్నవాళ్ళు వేళకి రావాలి, అది చూస్తే చాలు మీరు. మీ మాట మీద నేను గెస్టులకి మాటిస్తాను."

ఆయన వెళ్ళాక సోములమ్మ చాలాసేపు అరుగు మీదే ఉండిపోయింది. ఇన్నేళ్ళుగా ఊరికే పారిపోతున్న నీళ్ళకి ఎవరో కాలవ తవ్వి చూపించినట్టనిపించింది. బుధు మాత్రం, "మరి జీపోళ్ళ కాడ నీకేటీ రాదా? బేరం తెచ్చిచ్చేది నువ్వే కదా" అన్నాడు.

"సిగ్గులేదేటి నీకు? రవిబాబు నా సెల్లి మొగుడు. ఆడి కాడ కమీషన్ తీసుకుంటానా? థింసా ఆడే గురుబారి నా సేతి ముద్ద తిన్న గుంట. ఆళ్ళ కాడ సెయ్యి సాపితే లోకం నవ్వదా?"

బుధు మిరియాల తీగల దగ్గరికి వెళ్ళిపోయాడు. తరవాత జరిగినదాన్ని బట్టి చూస్తే, అతను ఆ ఒక్కసారీ గట్టిగా అని ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది.

మొదటి గ్రూపు చైత్రమాసంలో ఖాయమైంది. విజయవాడ నుంచి రిటైరైన టీచర్లు, కుటుంబాలతో. రైలు దిగగానే జీపుల్లో ఊరికి రావాలి, కాఫీ తోట చూడాలి, బొంగులో చికెన్‌తో భోజనం చెయ్యాలి, సాయంత్రం థింసా చూసి వెళ్ళాలి. సోములమ్మకి ఇది నల్లేరు మీద నడక. హాస్టల్లో అంతకి ఎన్నో రెట్ల మందికి వండి పెట్టిన మనిషి.

ముందు చెల్లెలి మొగుడు రవిబాబుకి ఫోన్ చేసింది. అతనికి సొంత జీపుంది, ఇంకో ఇద్దరు జీపువాళ్ళు అతని మాట మీద నడుస్తారు. "మరిదీ, ఆదివారం మూడు జీపులు కావాలి. వత్తావా?"

"అలాగే వదినా. నువ్వు సెప్తే రాకుండా ఉంటానా?"

తరవాత గురుబారి. రవిబాబు ఊరిదే, హాస్టల్లో మాడు ముద్దల కోసం పొయ్యి చుట్టూ తిరిగిన పిల్ల. ఇప్పుడు థింసా జట్టుకి పెద్ద. "గుంటా, మీ జట్టు ఆదివారం సాయంత్రం రావాలే. డప్పులోళ్ళతో సహా."

"అలాగేనమ్మా. నువ్వడిగితే ఏటుంది."

సోములమ్మ ఒకటికి రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అందరూ అలాగే అన్నారు. లక్ష్మీప్రసాద్ ఫోన్ చేసి "పక్కానా అండీ?" అంటే, "పక్కా బాబూ. ఆళ్ళందరూ నా సొంత మనుషులే" అంది. ఆ "సొంత మనుషులే" అన్న మాటని ఎంత గర్వంగా అందో.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చైత్రంలో ఈ కొండల్లో ఇటుకల పండగ చేస్తారు. మగవాళ్ళు విల్లంబులతో అడవికి వేటకి పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా కర్ర పట్టుకుని, థింసా ఆడుతూ, వచ్చే పోయే బళ్ళని ఆపి పండగ డబ్బులు అడుగుతారు. ఏ ఊరి పండగ ఆ ఊరిది. రోజు క్యాలెండర్లో ఉండదు, ఆ ఊరి దిసారి మంచి రోజు చూసి చెప్పాల్సిందే. దిసారి అంటే ముహూర్తాలు, పూజలు చూసే పెద్ద. సోములమ్మ తన ఊరి దిసారి భీముడిని అడిగింది. ఆయన వేళ్ళు లెక్కపెట్టి, "మనది వచ్చే వారం తరవాతే" అన్నాడు. ఆమె నిశ్చింతగా ఉంది. మరిది ఊళ్ళో పండగ ఎప్పుడని మాత్రం అడగలేదు. అడగడం ఎందుకు? ఆ ఊళ్ళో పండగుంటే వాళ్ళే చెప్తారు కదా. అలాగే వస్తామన్నారు కదా.

ఆదివారం రైలు ఎప్పట్లాగే ఆలస్యంగా వచ్చింది. సోములమ్మ ఉతికిన చీర కట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడింది. టీచర్లు దిగారు, నీళ్ళ సీసాలు దిగాయి, మనవలు దిగారు, ఒకాయన మడత కుర్చీ కూడా దింపాడు. అందరికీ నమస్కారం పెట్టి బయటికి తీసుకొచ్చింది. బయట ఆటోలున్నాయి, ఎవరివో కార్లున్నాయి. జీపులు లేవు.

రవిబాబుకి ఫోన్ చేసింది. అందుబాటులో లేదు. ఆ ఇద్దరు జీపువాళ్ళకి చేసింది. అందుబాటులో లేరు. గురుబారికి చేస్తే మోగి మోగి ఆగిపోయింది. "వచ్చేత్తారండి, వచ్చేత్తారు. గాట్ రోడ్డు కదా" అని ఆమె నవ్వుతూనే ఉంది. దవడలు నొప్పెట్టాయి. ఎండ పెరిగింది. మడత కుర్చీ ఆయన కుర్చీ విప్పి కూర్చున్నాడు. ఒక టీచరమ్మ వాచీ చూసుకుని, "జీపులు మాట్లాడలేదా అమ్మా?" అని చాలా మర్యాదగా అడిగింది. ఆ మర్యాదకి సోములమ్మకి నేలలోకి పోవాలనిపించింది.

చివరికి వాళ్ళని దగ్గర్లోని కాఫీ హోటల్లో కూర్చోబెట్టి, తనే ఒక ఆటో ఎక్కి రవిబాబు ఊరికి బయల్దేరింది. దారంతా డ్రైవరుతో "ఆడికి నోరుందా నేదా, రానని సెప్పడానికేటి" అని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. ఆటోవాడికి ఎవరిని తిడుతోందో తెలియక ఊఁ కొడుతూ నడిపాడు.

ఊరి పొలిమేరలో రోడ్డుకి అడ్డంగా వెదురు కర్ర. కర్ర వెనకాల వరసగా ఆడవాళ్ళు, ఒకరి నడుం ఒకరు పట్టుకుని, డప్పుకి అడుగులేస్తూ. "డబ్బులియ్యందే కదలనియ్యం!" అని పాటగా అరుస్తున్నారు. వరసకి మొదట్లో, తలలో పూలు పెట్టుకుని, గురుబారి.

సోములమ్మ ఆటోలోంచి దిగింది. డప్పు ఆగింది. గురుబారి చేతిలో కర్ర కిందకి జారింది.

"ఏటే ఇది?"

"పండగమ్మా." గురుబారి తల వంచుకుంది. "ఇటుకల పండగ."

"ఇయ్యాలని ఎప్పుడు తెలిసింది మీకు?"

"దిసారి సెప్పి వారం అవుతుంది."

"వారం! వారమే! మరి నాకు సెప్పలేదేటే?"

"నీకేటని సెప్తామమ్మా? నువ్వడిగితే నేదంటామా?"

సోములమ్మ కింద పడ్డ కర్ర వైపు చూసింది. ఇది వాళ్ళ ఊరి పండగ. కర్ర పట్టుకున్నవాళ్ళని వదిలిపెట్టి రమ్మని ఏ నోటితో అడుగుతుంది? మగవాళ్ళందరూ అడవిలో ఉన్నారు, జీపు తాళాలు ఇంట్లో, జీపులు చింతచెట్ల కింద. గురుబారి ఏడవడం మొదలుపెట్టింది. పక్కనున్న ముసలమ్మ మాత్రం ఆనవాయితీ ప్రకారం చెయ్యి చాచింది. సోములమ్మ చీర కొంగు ముడి విప్పి, పది రూపాయల నోటు ముసలమ్మ చేతిలో పెట్టి, ఆటో వెనక్కి తిప్పించింది. తను రప్పించిన గెస్టుల ముందు ఆడాల్సినవాళ్ళు తన దగ్గరే డబ్బులు పుచ్చుకున్నారు.

ఆ రోజు మిగతాది చెప్పుకుంటే కడుపు మండుతుంది. టీచర్లు ఆటోల్లో కుక్కుకుని ఊరికొచ్చారు. సగం మందికి తోట చూసే ఓపిక లేకపోయింది. చికెన్ వేళకే ఉడికింది, తినేవాళ్ళు ఆలస్యమై వెదురుబొంగులోనే చల్లారిపోయింది. థింసా లేదు. సాయంత్రం లక్ష్మీప్రసాద్ ఫోన్ చేశాడు. ఆయన అరిచి ఉంటే సోములమ్మకి బాగుండేది. అరవలేదు.

"మీరు చెప్పారని నేను వాళ్ళకి చెప్పాను సోములమ్మ గారూ. సగం డబ్బులు వాళ్ళకి వెనక్కిచ్చేస్తున్నాను. వేసవి సెలవుల్లో ఇంకో గ్రూపుంది. అది మీకే ఇద్దామనుకున్నాను. నాకు ఎవరొస్తారన్నది కాదండీ ముఖ్యం. ఎవరు రారో ముందు తెలిస్తే నేను ఏదో ఒకటి చేసుకుంటాను. అది చెప్పగలిగితే ఫోన్ చెయ్యండి."

సోములమ్మకి ఆ రాత్రి అన్నం సయించలేదు. పనిపోయినప్పుడు కూడా ఆమెకి ఇంత బాధ కలగలేదు. అప్పుడు పోయింది ఉద్యోగం. ఇప్పుడు పోతున్నది సోములమ్మ మాట. ఇన్నేళ్ళూ తినీతినకా పోగేసుకున్న ఆస్తి అదొక్కటే, అదీ సొంత మనుషుల చేతిలోనే పోతోంది.

మర్నాడు పొద్దున్నే మరిది ఇంటికి పోయింది. రవిబాబు జీపు కడుగుతున్నాడు. ఆమెని చూసి జీపు అవతలి వైపుకి వెళ్ళి అక్కడ కడగడం మొదలుపెట్టాడు. ఆమె అటు వెళ్తే అతను ఇటు వచ్చాడు. చూసేవాళ్ళకి పిల్లలాటలా ఉంది.

"ఒరే, ఆగు! రానని ఒక్క ముక్క సెప్తే నీ నోరు పడిపోద్దేటి?"

"ఏ నోటితో సెప్పమంటావు వదినా?" రవిబాబు చేతిలో గుడ్డ పిండుతూ నిలబడ్డాడు. "మా బాబుకి గుండె నొప్పొస్తే పెద్దాసుపత్రిలో మంచం ఇప్పించింది నువ్వు. జీపు లోను కాడ సాచ్చి సంతకం ఎట్టింది నువ్వు. మీ సెల్లి పురుడికి రాత్రంతా కూకున్నది నువ్వు. ఒక్క పైసా పుచ్చుకున్నావా? నీకు రానని సెప్తే నాను మనిసినేనా?"

"అందుకని వత్తానని సెప్పీసి రాకుండా ఊరుకుంటావా?"

"వత్తాననే అనుకున్నాను వదినా. ఆ రోజు దాకా ఏదో ఒకటి అవుద్దిలే అనుకున్నాను."

సోములమ్మ అతని మొహంలోకి చూసింది. వీడు అబద్ధం ఆడటం లేదు. అదే ఇంకా చిరాకు. అబద్ధమాడితే చెంప మీద ఒకటిచ్చి పోవచ్చు.

తిరిగి వచ్చేటప్పుడు కొండవాలు కాలిబాటలో నడుస్తూ ఆలోచించింది. ఆమె వస్తారా అని అడిగింది. వాళ్ళకి వినపడింది, నా మీద గౌరవముందా అని. దానికి వాళ్ళు ఉంది అన్నారు. ఎన్నిసార్లు అడిగినా అదే అంటారు, ఎందుకంటే ఉంది మరి. ఈ లోయలో ప్రతివాడూ ఆమెకి ఏదో ఒకటి బాకీ. ఆ బాకీ తీరే దారి లేదు, ఆమె తీరనివ్వదు. అలా బాకీపడ్డ మనిషి కాదని ఎలా చెప్తాడు? అదే సంతలో ఉల్లిపాయలవాడికి ఎవరైనా మొహమాటపడతారా? వద్దంటే వద్దని మొహం మీదే చెప్పి ముందుకు పోతారు. ఎందుకంటే వాడు తన లాభం తను తీసుకుంటాడు, కొన్నవాడు తన సరుకు తీసుకుంటాడు. ఇద్దరికీ అక్కడికక్కడే సరి.

ఇంటికొచ్చి బుధుతో, "ఇకనించి అందరి కాడా తీసుకుంటాను" అంది.

"మొన్న లోకం నవ్వుద్దన్నావు?"

"నవ్వనీ. నవ్వినోళ్ళు జీపులెట్టుకుని స్టేషనుకి రారు."

శుక్రవారం సంతలో, కొట్ల వెనకాల, రవిబాబుని, మిగతా జీపువాళ్ళని, గురుబారిని, వండేవాళ్ళని కూర్చోబెట్టింది. కొత్తగా గాసి అనే జీపు డ్రైవర్ని కూడా పిలిచింది. గాసి ఆమెకి చుట్టం కాదు, హాస్టల్ సంబంధమూ లేదు. అందుకే పిలిచింది.

"సూడండి. నాను తెచ్చిన ప్రతి బేరానికీ మీకొచ్చిన దాంట్లోంచి నాకింత ఇయ్యాలి. అందరికీ ఒకటే లెక్క. మరిదైనా, పరాయోడైనా." ఆ ఇంత అంటే ఎంతో కూడా చెప్పింది. రవిబాబు నేల చూపులు చూశాడు. "నాను పుచ్చుకుంటున్నానని లక్ష్మీప్రసాద్ బాబుకీ సెప్తాను. సాటుగా ఏటీ ఉండదు. నా వాటా ఇవ్వాలనీసి గెస్టు కాడ రేటు పెంచారా, ఇక మీకు బేరం రాదు. ప్రతి పనికీ ఇద్దరి పేర్లుంటాయి. మొదటోడు రాలేనంటే రెండోడు. రాలేనని ముందు సెప్తే నాకు కోపం నేదు, తరవాత బేరం మళ్ళీ ఆడిదే. వత్తాననీసి రాకపోతే మాత్రం ఆడి తరవాత మూడు బేరాలూ ఇంకోడికి పోతాయి."

"గెస్టులు మా నంబరు తీసుకుని, మళ్ళీ వచ్చినప్పుడు మాకే సేస్తేనో?" అన్నాడు గాసి. చుట్టం కాకపోవడం ఇలాంటప్పుడే పనికొస్తుంది.

"అది నీ బేరం. నాకేటీ అక్కర్లేదు. నాను మొదట తెచ్చిన దానికే నాకు."

అందరి మొహాల్లోనూ ఒకటే మాట. వంటమ్మ మారిపోయింది.

మారిపోయింది అన్న మాట లోయలో బేగి తిరిగింది. చెల్లెలు ఇంటికి రావడం మానేసింది. "అక్క నా మొగుడి కాడ కమీషన్ తింటంది" అని బావి దగ్గర అందట. ఆ మాట సోములమ్మ దాకా చేరడానికి పూట కూడా పట్టలేదు. సోములమ్మ ఆ సాయంత్రం పొయ్యి ఊదుతూ ఏడ్చింది. పొగ అని బుధుతో చెప్పింది. బుధు నమ్మినట్టే ఊరుకున్నాడు.

లక్ష్మీప్రసాద్‌కి ఫోన్ చేసి రెండు వైపులా తీసుకుంటున్నానని చెప్పింది. ఆయన, "రేటు సంతలో రేటేనా?" అన్నాడు. "సంతలో రేటే. ఎక్కువనిపిస్తే మీరు ఎవర్నైనా అడిగి సూసుకోండి" అంది. "సరే, వేసవి గ్రూపు మీదే. ఇదొక్కటి చూద్దాం" అన్నాడాయన. ఇది తప్పితే మళ్ళీ ఫోన్ రాదని ఆమెకి తెలుసు.

ఇంత చేశాక ఏమైందంటారా? ఏమీ కాలేదు. అందరూ మళ్ళీ అలాగే అనడం మొదలుపెట్టారు.

"మరిదీ, వచ్చే ఆదివారం గ్రూపుంది. వత్తావా?"

"అలాగే వదినా."

"నిజంగానా? పెళ్ళిళ్ళ రోజులు. నీకేటీ పనుల్నేవా?"

"ఉన్నా సూసుకుంటాన్లే వదినా."

సోములమ్మకి ఒళ్ళు మండింది. "ఒరే, ఆదివారం జీపుని రైలు పట్టాల మీద నడపాలి. నడుపుతావా?"

"సూద్దాం వదినా."

ఫోన్ మంచం మీదకి విసిరింది. ఏం చేస్తే ఈ మనుషులకి కాదనడం వస్తుంది? బడిలో నేర్పుతారా దీన్ని? మాడు ముద్దలు పెట్టి అలవాటు చేసింది తనే, ఇప్పుడు తను ఎవరిని తిట్టాలి? గాసి పేరు రెండోదిగా ఉంది, అయినా లాభమేముంది? రవిబాబు చివరి గడియ దాకా అలాగే అంటూ ఉంటే గాసిని ఎప్పుడు పిలుస్తుంది?

ఆదివారానికి ముందే చిన్న బేరం తగిలింది. భార్యాభర్తలు ఇద్దరు, ఒక జీపు, సగం పూట. రవిబాబు తీసుకెళ్ళాడు, తీసుకొచ్చాడు. సాయంత్రం సోములమ్మ గుమ్మం ముందు జీపు ఆపాడు. దిగలేదు. కిటికీలోంచి చెయ్యి చాచి నోటు పట్టుకున్నాడు. వాటా.

ఆ క్షణం ఆమెకి ఎంత కష్టమైందో ఎవరికీ తెలియదు. తీసుకోకుండా, "ఉండనీ మరిదీ, పిల్లలకి ఏటైనా కొను" అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. జీవితమంతా అదే అంది. అలా అంటే చాలు, చెల్లెలు రేపే వస్తుంది, అంతా మామూలైపోతుంది. ఆ అంతా మామూలైపోవడమే ఆమెకి భయం. చెయ్యి చాచి తీసుకుంది. అతను అటు చూశాడు, ఆమె ఇటు చూసింది. జీపు రివ్వున వెళ్ళిపోయింది, ఎప్పుడూ లేనంత విసురుగా.

గ్రూపు రావడానికి ముందు గురువారం ఆమె పొయ్యి దగ్గరుంది. ఫోన్ మోగింది. రవిబాబు.

"వదినా." గొంతు గరుకుగా ఉంది. ఇన్నేళ్ళలో అతను ఆమెతో అలా మాట్లాడలేదు. "ఆదివారం నాను రాను."

"ఏటి?"

"రానంటున్నాను. పార్వతీపురంలో పెళ్ళి బేరమొచ్చింది, డబ్బులెక్కువ. నీకు ఇచ్చేది నీకిత్తన్నాను కదా, ఇంకేటి? ఆ గాసిగాడినే పిల్చుకో." ఇంకా విసురుగా, "కుదరదంటే కుదరదు" అన్నాడు.

సోములమ్మ పొయ్యి పక్కనే చతికిలబడింది.

"మళ్ళీ సెప్పు మరిదీ" అంది.

"ఎన్నిసార్లు సెప్పాలి? రాను!"

"సరే. సరేరా నాయనా. ఎల్లిరా, జాగర్తగా ఎల్లిరా." ఫోన్ పెట్టి వెంటనే గాసికి చేసింది. అతను వస్తానన్నాడు. ఎన్నింటికి రావాలో, ఎక్కడ ఆపాలో, టోల్ ఎవరిదో అన్నీ ఆరా తీశాడు. తరవాత లక్ష్మీప్రసాద్‌కి చేసి, "ఒక జీపు మారింది బాబూ. రవిబాబు రాడు. గాసి వత్తాడు. ముందే సెప్తన్నాను" అంది.

మిరియాల బస్తా భుజాన వేసుకుని లోపలికొచ్చిన బుధు ఆమెని చూసి ఆగిపోయాడు. "ఏటయింది? ఎవులు ఫోను?"

"మరిది. ఆదివారం రానని సెప్పాడు."

"మరి ఏడుస్తన్నావేటి?"

"పొగ" అంది సోములమ్మ. పొయ్యి అప్పటికి ఆరిపోయి చాలాసేపైంది.